సిరిమాను నుంచి వెనక్కి లెక్కపెట్టిన డ్యాష్‌బోర్డు

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఉన్న ఒక బట్టల దుకాణం యజమాని 2025 నవంబరు మొదటి వారంలో నన్ను పిలిపించారు. ఆయన చేతిలో గుమాస్తా తీసి ఇచ్చిన నెలవారీ అమ్మకాల కాగితం ఉంది. 2024 అక్టోబరులో 26.4 లక్షల రూపాయల అమ్మకం జరిగితే 2025 అక్టోబరులో 15.8 లక్షలే జరిగిందని ఆ కాగితం చెబుతోంది. "నూటికి నలభై పడిపోనాది బాబూ, సంక్రాంతికి సూరత్ సరుకు మూడో వంతు తగ్గించేద్దామనుకుంటున్నాను" అన్నారాయన. తనకు కావలసింది ఫోనులో చూసుకోగలిగే ఒక డ్యాష్‌బోర్డు అనీ, ఇలాంటి దెబ్బ ముందే తెలిసేలా అది ఉండాలనీ కోరారు. దుకాణాన్ని గుర్తుపట్టడానికి వీలు లేకుండా ఈ వ్యాసంలోని అంకెలను కొంత మార్చాను గాని, వాటి మధ్య సంబంధాలు మాత్రం నేను చూసినవే.

ఆ కాగితంలో కూడికల తప్పు ఏదీ లేదు, తప్పంతా పోలికలో ఉంది. 2024లో విజయదశమి అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2న వచ్చింది. పండుగకు బట్టలు కొనేవారు పండుగకు ముందే కొంటారు కనుక 2024లో దసరా బేరం చాలావరకు అక్టోబరు ఖాతాలో పడితే, 2025లో అదే బేరం సెప్టెంబరు ఖాతాలో పడింది. గుమాస్తా సెప్టెంబరు కాగితాన్ని కూడా పక్కన పెట్టి ఉంటే 2024 సెప్టెంబరులో 11.2 లక్షలు, 2025 సెప్టెంబరులో 22.1 లక్షలు కనిపించేవి, రెండు నెలలూ కలిపితే రెండేళ్ల మొత్తాలు దాదాపు సమానంగా తేలేవి. చిన్న వ్యాపారి కోసం డ్యాష్‌బోర్డు కట్టేటప్పుడు ఏ అంకె చూపాలన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. ఆ అంకెను ఏ రోజుతో పోల్చి చూపాలన్నదే కష్టం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నివేదికలన్నీ ఇంగ్లీషు నెలలతోనే పోల్చి చూపుతాయి, విజయనగరంలో చీరలు కొనే ఇల్లాలు మాత్రం పంచాంగం చూసి బయలుదేరుతుంది.

అందుచేత నేను మొదట వెతికింది ఒక ఆధార దినం, అంటే రెండేళ్లలోనూ ఒకే అర్థం ఉన్న ఒక రోజు. విజయదశమి దానికి సరిపోతుందని మొదట అనుకున్నాను. అయితే ఈ ఊళ్లో దసరా బేరం విజయదశమితో ముగియదు. పైడితల్లి అమ్మవారి పండుగ దాకా, సోమవారం తోలేళ్లు, మంగళవారం సిరిమాను దాకా కొనసాగుతుంది, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన బంధువులకు బట్టలు పెట్టడం కూడా అప్పుడే జరుగుతుంది. సిరిమానోత్సవం 2024లో అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న జరిగింది. దానిని ఆధారంగా తీసుకోవడంలో నేను ముందు ఊహించని ఒక సౌకర్యం కూడా బయటపడింది. సిరిమాను ఏ ఏడాదైనా మంగళవారమే కనుక అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే రెండేళ్లలోనూ ఆదివారం ఎదురుగా ఆదివారమే, శనివారం ఎదురుగా శనివారమే వచ్చి నిలుస్తాయి. అక్టోబరు 15 నుంచి మరుసటి ఏడాది అక్టోబరు 7 వరకు 357 రోజులు, అంటే సరిగ్గా 51 వారాలు. విజయదశమిని ఆధారం చేసుకుంటే 2024లో అది శనివారం, 2025లో గురువారం కావడం వల్ల ఆదివారపు రద్దీ ఒక్కొక్క ఏడాది ఒక్కొక్క చోట పడి, గీతలు రెండూ అకారణంగా ఎత్తుపల్లాలుగా కనిపించేవి. శ్రావణ మాసపు బేరానికి వరలక్ష్మీ వ్రతం ఇలాగే పనికివస్తుంది. అది ఎప్పుడూ శుక్రవారమే, 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది.

పేజీ కట్టిన విధానం చెబుతాను. పనిముట్టు గూగుల్ షీట్స్ మాత్రమే. అంతకంటే పెద్దది వాడటానికి నాకు అభ్యంతరం లేదు గాని, నేను లేనప్పుడు గుమాస్తా దానిని బాగు చేసుకోలేడు. ఫైలులో మూడు షీట్లు ఉన్నాయి. Bills అనే దానిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ప్రతి సోమవారం తీసిన వివరాలు పడతాయి, Days అనే దానిలో ఆధార దినం నుంచి రోజుల లెక్క ఉంటుంది, Board అనేది షావుకారు గారు ఫోనులో చూసే పేజీ. Days షీటులో H1 గడిలో ఈ ఏటి సిరిమాను తేదీని, H2 గడిలో నిరుటి తేదీని చేత్తో టైపు చేయాలి. A వరుసలో −44 నుంచి 0 వరకు అంకెలు ఉంటాయి, సున్నా అంటే సిరిమాను రోజు. మిగిలినవి ఈ సూత్రాలు చూసుకుంటాయి:

```
B2  =$H$1+A2
C2  =$H$2+A2
D2  =IF(B2>MAX(Bills!$A:$A), NA(),
      SUMIFS(Bills!$E:$E, Bills!$A:$A, ">="&$B$2,
             Bills!$A:$A, "<="&B2))
E2  =SUMIFS(Bills!$E:$E, Bills!$A:$A, ">="&$C$2,
            Bills!$A:$A, "<="&C2)
```

D వరుస ఈ ఏటి అమ్మకాన్ని మొదటి రోజు నుంచి కూడుకుంటూ పోతుంది, E వరుస నిరుటిది. ఈ రెండింటినీ ఒకే గ్రాఫులో రెండు గీతలుగా గీస్తే పని అయిపోతుంది. D2లో ఉన్న NA() ఎందుకో చెప్పాలి. అది లేకపోతే ఇంకా రాని రోజులకు కూడా నిన్నటి పోగే కనిపించి గీత అడ్డంగా సాగుతుంది, చూసేవారు అమ్మకాలు ఆగిపోయాయని అనుకుంటారు. ఈ రోజు తేదీతో కాకుండా Bills షీటులోని చివరి తేదీతో పోల్చడానికి కారణమూ అదే. బిల్లులు సోమవారం సోమవారమే వస్తాయి కనుక, ఈ రోజు తేదీతో పోల్చితే శుక్రవారం నాడు పేజీ తెరిచినవారికి నాలుగు రోజుల అడ్డగీత కనిపించి కంగారు పుడుతుంది. గీత ఎక్కడ ఆగిందో అక్కడివరకే సమాచారం వచ్చిందని అర్థం కావాలి.

Bills షీటులోకి సమాచారం తెచ్చేటప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది తేదీ. సాఫ్ట్‌వేర్ 03/10/2025 అని రాస్తే మనకు అది అక్టోబరు 3. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే దానికి అది మార్చి 10. ఇందులోని ప్రమాదం ఏమిటంటే షీటు ఎక్కడా తప్పు అని చూపదు. నెలలో 12వ తేదీ వరకు ఉన్న బిల్లులన్నీ చడీచప్పుడు లేకుండా వేరే నెలల్లోకి వెళ్లిపోతాయి, 13 నుంచి ఉన్నవి తేదీలుగా మారకుండా ఉత్త అక్షరాలుగా మిగిలిపోయి కూడికలోకే రావు. దీనిని పసిగట్టడం తేలిక. ఏ నెల తీసుకున్నా 1 నుంచి 12 తేదీల్లోనే బిల్లులు ఉండి 13 నుంచి 31 వరకు ఖాళీగా ఉంటే జరిగింది ఇదే. మొదటి బిల్లు తేవడానికి ముందే File, Settings, Locale లోకి వెళ్లి India ఎంచుకుంటే ఈ బెడద ఉండదు. సమాచారం తెచ్చాక మార్చితే, అప్పటికే తప్పుగా మారిన తేదీలు తప్పుగానే ఉండిపోతాయి, మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ తేదీతో పాటు సమయం కూడా ఇస్తే దానిని తీసివేయాలి, లేకపోతే "<=" అన్న గుర్తు ఆ రోజు పడిన బిల్లులన్నింటినీ వదిలివేస్తుంది.

రెండవ చిక్కు అమ్మకం అంటే ఏ అంకె అన్నది. బిల్లు చివర ఉండే మొత్తంలో జీఎస్టీ కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తుల మీద పన్ను రేట్లు మారాయి. అంతకుముందు వెయ్యి రూపాయలు దాటిన దుస్తుకు 12 శాతం ఉండగా ఇప్పుడు 2,500 రూపాయల వరకు 5 శాతమే, ఆపైన 18 శాతం. పన్ను కాక 1,500 రూపాయల చొక్కా పాత రేటులో 1,680కి బిల్లు అయ్యేది, కొత్త రేటులో 1,575కి అవుతుంది. షావుకారుకు చేరేది రెండు సందర్భాల్లోనూ 1,500 రూపాయలే అయినా, బిల్లు మొత్తాలను పోల్చితే అమ్మకం ఆరు శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. కనుక Bills షీటు E వరుసలోకి Taxable Value అన్న గడినే తీసుకున్నాను. కాకతాళీయంగా ఆ సెప్టెంబరు 22వ తేదీయే శరన్నవరాత్రుల మొదటి రోజు కూడా కావడం వల్ల, ఈ పొరపాటు చేసినవారికి ఆ ఏటి పండుగ బేరమంతా పల్చగా కనిపించి ఉంటుంది. వాపసు వచ్చిన బట్టలు ఈ సాఫ్ట్‌వేర్‌లో వేరే రిజిస్టరులో నమోదవుతాయి. వాటిని మైనస్ గుర్తుతో అదే Bills షీటులో కలపాలి. సైజు సరిపోక మార్చుకునే బేరాలు పండుగ రోజుల్లో ఎక్కువ కాబట్టి, అలా కలపకపోతే ఒకే చొక్కా రెండుసార్లు అమ్ముడైనట్టు లెక్క వస్తుంది.

పేజీ ఒక రూపానికి వచ్చాక దుకాణం తెరిచే వేళకు ముందే, ఉదయం తొమ్మిదింటికి వెళ్లి షావుకారు గారితో కూర్చున్నాను. నేర్పడంలో నేను పాటించే పద్ధతి ఒకటి ఉంది. అంకె చూపించడానికి ముందు ఆయన అంచనా అడుగుతాను. "నిరుడు తోలేళ్ల రోజున ఎంత అమ్మి ఉంటారు?" అని అడిగితే ఆయన తడుముకోకుండా రెండు లక్షలకు తక్కువ ఉండదన్నారు. షీటులో 2024 అక్టోబరు 14 ఎదుట 38 వేలు ఉంది. ఇలాంటి చోట అంకెనే నమ్మమని చెప్పడం పెద్ద పొరపాటు. ముప్పై ఏళ్లుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి చెప్పింది అంకెకు అయిదింతలు ఉంటే ముందు అంకెనే అనుమానించాలి. గుమాస్తాను పిలిచి అడిగితే విషయం తెలిసింది. ఆ రోజు రద్దీలో కంప్యూటరు మొరాయించడంతో మధ్యాహ్నం నుంచి చేతి బిల్లు పుస్తకం మీద రాశారు, ఆ మొత్తాన్ని రెండు రోజుల తర్వాత అక్టోబరు 16 తేదీతో ఒకే బిల్లుగా ఎక్కించారు. నెలవారీ కాగితంలో అది అక్టోబరులోనే ఉంది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. నా లెక్కలో మాత్రం సిరిమాను దాటిన రోజున పడి, 45 రోజుల పోగులోంచి జారిపోయింది. చేతి బిల్లులను వాటి తేదీకి మార్చి, ఎన్ని బిల్లులో పుస్తకంలో లెక్కపెట్టి సరిచేశాము. అప్పటి నుంచి నేను ఏ దుకాణానికి కట్టినా, మామూలు సగటు బిల్లుకు పది రెట్లు దాటిన ఒంటరి బిల్లులను వేరే రంగులో చూపే నియమం ఒకటి పెడుతున్నాను.

సరిచేసిన తర్వాత తేలిన లెక్క ఇది. సిరిమాను రోజుతో కలిపి 45 రోజులకు 2024లో, అంటే సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 15 వరకు, 31.2 లక్షలు. 2025లో, ఆగస్టు 24 నుంచి అక్టోబరు 7 వరకు, 32.4 లక్షలు. నూటికి నలభై పడిపోయిందనుకున్న వ్యాపారం నిజానికి నూటికి నాలుగు పెరిగింది. షావుకారు గారు కాసేపు మాట్లాడకుండా కాగితాన్నీ ఫోనునూ మార్చి మార్చి చూశారు. "అయితే గుమాస్తా రాసింది తప్పేటి?" అని అడిగారు. తప్పు కాదనీ, ఆ కాగితం వేరే ప్రశ్నకు సరైన జవాబనీ చెప్పాను. జీఎస్టీ రిటర్నుకు, బ్యాంకు వాయిదాలకు ఇంగ్లీషు నెలే కావాలి, కనుక ఆ కాగితం దారి దానిదే. బేరం ఎలా ఉందో తెలుసుకోవాలంటే మాత్రం పండుగ నుంచి లెక్కపెట్టాలి.

రెండు గీతలను చదవడం నేర్పడానికి ఒక చిన్న ఉపాయం చేశాను. గ్రాఫును కాగితం మీద అచ్చు తీసి, −10వ రోజు తర్వాతి భాగాన్ని ఒక అట్టతో కప్పి ఆయన ముందు పెట్టాను. ఆ రోజుకు 2025 గీత 19.9 లక్షల దగ్గర, 2024 గీత 14.6 లక్షల దగ్గర ఉన్నాయి. "ఈ రోజున ఇది చూసి ఉంటే ఏం చేసి ఉండేవారు?" అని అడిగాను. "ఇంకో అయిదు లక్షల సరుకు తెప్పించేవాడిని" అన్నారు. అట్ట తీసేసరికి గీతలు దగ్గరికి వచ్చి, సిరిమాను నాటికి 1.2 లక్షల తేడాతో ముగిశాయి. తెప్పించి ఉంటే ఆ సరుకంతా బీరువాల్లో మిగిలేది. గీత ఎందుకు అలా మోసగించింది? మహాలయ పక్షంలో కొత్త బట్టలు కొనడానికి చాలామంది ఇష్టపడరు, అది ముగిసిన మరునాటి నుంచే దసరా బేరం ఊపందుకుంటుంది. 2024లో మహాలయ అమావాస్య అక్టోబరు 2న వచ్చింది, అక్కడి నుంచి సిరిమాను వరకు మిగిలినవి 13 రోజులు. 2025లో అది సెప్టెంబరు 21న వచ్చింది, సిరిమానుకు 16 రోజులు మిగిలాయి. అదే బేరం నిరుడు పదమూడు రోజుల్లో కుక్కుకుంటే, ఈసారి పదహారు రోజుల మీద పరుచుకుంది. గీత మూడు రోజులు ముందుగా పైకి లేచింది, అంతే. ఆధార దినం పెట్టుకుంటే బేరం ముగిసే చోటు మాత్రమే కలుస్తుంది, మొదలయ్యే చోటు కలవదన్నది ఈ పద్ధతికి ఉన్న పరిమితి.

దానికి విరుగుడుగా అమావాస్య ఎక్కడ పడిందో రెండు గీతల మీదా ఒక చుక్క పెట్టాను. చుక్క నుంచి ఎన్ని రోజులు గడిచాయో రెండు గీతల్లోనూ సమానమయ్యే చోట మాత్రమే పోల్చమని చెప్పాను. రోజువారీ అమ్మకాన్ని కడ్డీలుగా చూపకుండా పోగు గీత గీయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కడ్డీలు గీసి ఉంటే 2025లో చివరి రోజులు నిరుటికంటే పొట్టిగా కనిపించేవి, ఎందుకంటే బేరం ఎక్కువ రోజుల మీద పంచుకుంది. పోగు గీతలో చివరి మొత్తం దాగదు.

నాలుగు శాతం పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి అమ్మకం కింద మరో రెండు అంకెలు పెట్టాను, బిల్లుల సంఖ్యనూ సగటు బిల్లునూ. ఈ రెండింటినీ గుణిస్తే అమ్మకం వస్తుంది కనుక, అమ్మకం మారితే వచ్చే మనుషుల సంఖ్య మారిందా, వచ్చినవారు కొనే మొత్తం మారిందా అన్నది తెలుస్తుంది. 2024లో 2,080 బిల్లులు, సగటున 1,500 రూపాయలు. 2025లో 1,890 బిల్లులు, సగటున 1,714 రూపాయలు. అంటే వచ్చినవారు తొమ్మిది శాతం తగ్గి, ఒక్కొక్కరి కొనుగోలు పద్నాలుగు శాతం పెరిగింది. నేను ఉత్సాహంగా దీనికి ఒక కథ కూడా అల్లేశాను, చిన్న బేరగాళ్లు కొత్త షోరూముల వైపు వెళ్లిపోయి, పెద్ద కుటుంబాలు నిలిచాయని. షావుకారు గారు ఆ మాట ఒప్పుకోలేదు. మనుషులు తగ్గితే తనకు తెలియకుండా ఉండదన్నారు.

ఈసారి కూడా ఆయన మాటే నిజమైంది. 2025 జులై వరకు చీరల వైపు ఒక కౌంటరు, రెడీమేడ్ వైపు ఒక కౌంటరు ఉండేవి, ఒక కుటుంబం రెండు వైపులా కొంటే రెండు బిల్లులు పడేవి. జులైలో రెంటినీ కలిపి గుమ్మం దగ్గర ఒకే కౌంటరు చేశారు. దీనిని సరిచూడటానికి ఒకే బిల్లులో చీరా రెడీమేడూ రెండూ ఉన్నవాటిని విడిగా లెక్కపెట్టాను. 2024లో అలాంటివి వేళ్ల మీద లెక్కించదగినన్ని, 2025లో 180కి పైగా ఉన్నాయి. తగ్గాయనుకున్న 190 బిల్లులు దాదాపు అన్నీ అక్కడే దొరికాయి. బేరగాళ్లు ఎక్కడికీ పోలేదు, వారి రెండు బిల్లులు ఒకటయ్యాయి. దుకాణంలో పని జరిగే తీరు మారినప్పుడల్లా అంకె మారుతుంది, ఆ మార్పు ఎక్కడా నమోదు కాదు. బిల్లుల సంఖ్య ఉన్నట్టుండి ఒక వారం నుంచి కిందకు దిగి అక్కడే నిలిచిపోతే బజారు కంటే ముందు కౌంటరును అనుమానించాలి. బజారు మారితే అంకె మెట్టులా దిగదు, ఏటవాలుగా జారుతుంది.

కాబట్టి బిల్లుల సంఖ్యను పేజీలోంచి తీసివేసి, అమ్మిన బట్టల సంఖ్యను పెట్టాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. చొక్కా గుడ్డ మీటర్లలో అమ్ముడవుతుంది, సాఫ్ట్‌వేర్ రెండున్నర మీటర్లను 2.5 అనే రాస్తుంది, చీరను 1 అని రాస్తుంది. రెంటినీ కూడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. మీటరు గుడ్డ ఎంత పొడవున్నా ఒక బట్టగా లెక్కపెట్టాలని షావుకారు గారితో మాట్లాడి నిర్ణయించాము. ఆ లెక్కన 2024 పండుగ రోజుల్లో 5,410 బట్టలు, 2025లో 5,395 బట్టలు అమ్ముడయ్యాయి. ఒక్కో బట్ట మీద సగటున 577 రూపాయలు వచ్చే చోట 601 రూపాయలు వచ్చింది. పెరిగిన నాలుగు శాతమంతా ధరదే, సరుకు ఎంత కదిలేదో అంతే కదిలింది. ఈ జవాబు షావుకారు గారికి నచ్చలేదు గాని, అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు, ఎందుకంటే సూరత్‌కు ఆర్డరు పెట్టేది లక్షల్లో కాదు, బేళ్లలోనూ డజన్లలోనూ.

పండుగ లేని వారాలకు వేరే పాఠం కావలసి వచ్చింది. పేజీ చేతికి వచ్చిన తొలి పక్షంలో ఆయన నాకు మూడుసార్లు ఫోను చేశారు, ఒకసారి వారం అమ్మకం పెరిగిందని, రెండుసార్లు తగ్గిందని. పండుగలూ పెళ్లి ముహూర్తాలూ లేని 20 వారాలను వెనక్కి వెళ్లి చూస్తే, ఏ కారణమూ లేకుండానే వారపు అమ్మకం 1.9 లక్షలకూ 2.6 లక్షలకూ మధ్య ఊగుతోంది. ఒక పెళ్లివారు వచ్చినా, రెండు రోజులు వాన పట్టినా అంత తేడా వస్తుంది. ఆ రెండు అంకెల మధ్య భాగాన్ని గ్రాఫులో లేత బూడిద రంగు పట్టీగా వేశాను. వారపు చుక్క పట్టీ లోపల ఉంటే పైకి పోయినా కిందకు దిగినా ఏమీ చేయనక్కరలేదనీ, వరుసగా రెండు వారాలు పట్టీ బయట ఉంటేనే కారణం వెతకాలనీ చెప్పాను. మొదట పెరుగుదలకు పచ్చ బాణం, తగ్గుదలకు ఎర్ర బాణం పెట్టింది నేనే. ఎరుపు చూసిన మనిషి ఏదో ఒకటి చేయకుండా ఊరుకోలేడని తెలిసి వాటిని తీసివేశాను. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

ఆధార దినం అన్నింటికీ దొరకదు. పెళ్లిళ్ల బేరం అలాంటిది. 2024లో మే, జూన్ నెలలు శుక్ర మౌఢ్యంలో గడిచాయి కనుక ముహూర్తాలు లేవు. 2025 మే నెలలో ముహూర్తాలు ఉన్నాయి. ఆ రెండు మే నెలలను ఎలా జరిపి నిలబెట్టినా పోలిక కుదరదు. అటువంటి కాలానికి పోలిక చూపకుండా ఆ చోట "మౌఢ్యం" అని మాత్రమే రాయించాను. ఖాళీ ఉంచితే సమాచారం రాలేదనుకుంటారు, పోలిక చూపితే అది అబద్ధం అవుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కనుక దాని తర్వాతి పండుగలన్నీ ఆలస్యంగా వస్తాయి, ఇంగ్లీషు నెలల కాగితంలో ఈసారి సెప్టెంబరు పడిపోయినట్టూ అక్టోబరు పెరిగినట్టూ కనిపిస్తుంది. Days షీటులో మార్చవలసింది H1, H2 గడులు మాత్రమే. దేవస్థానం వారు తేదీ ప్రకటించగానే గుమాస్తా ముందు H1లోని పాత తేదీని H2లో టైపు చేసి, ఆ తర్వాత కొత్త తేదీని H1లో టైపు చేయాలి. ఈ రెండు పనులూ అతని చేతే రెండుసార్లు చేయించి చూశాను. రెండోసారి నేను గది బయట నిలబడ్డాను.

సంక్రాంతి సరుకు విషయంలో షావుకారు గారు మూడో వంతు తగ్గించాలన్న ఆలోచన మానుకుని, డజన్లలో నిరుటి ఆర్డరునే మళ్లీ పెట్టారు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు ఈ పేజీ జవాబు చెప్పలేదు. ఏ సరుకు మీద లాభం ఎంత మిగులుతోందో చూపించమన్నారు. లాభం లెక్కకు కొన్న ధర కావాలి, సాఫ్ట్‌వేర్‌లో చాలా బట్టలకు కొన్న ధర గడిలో సున్నా ఉంది, కొన్నింటికి అమ్మే ధరనే రాసి ఉంది. ఆ సున్నాలతో లెక్కవేస్తే ప్రతి చీర మీదా నూటికి నూరు లాభం కనిపిస్తుంది. పాత సరుకు ధరలను వెతికి నింపే పని జోలికి పోకుండా, కొత్తగా దిగే ప్రతి బేలుకూ ఇన్‌వాయిసు చూసి కొన్న ధర ఎక్కించాలని గుమాస్తాతో ఒప్పందం చేసుకున్నాము. సంక్రాంతి సరుకుతో అది మొదలైంది. అమ్మిన బట్టల్లో కొన్న ధర ఉన్నవి నూటికి ఎన్నో చూపే ఒక చిన్న అంకె ఇప్పుడు Board పేజీ అడుగున ఉంది. అది తొంభై దాటిన రోజున లాభం గడి తెరుస్తానని చెప్పాను.